సీబీటీయా, ఇంకోటా? కౌన్సెలింగ్‌లో ‘పొత్తు’ లెక్క

ఈ మధ్య ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగేవాళ్ళలో చాలామంది మొదటి ప్రశ్న ఒకటే. "మీరు సీబీటీ చేస్తారాండీ?" కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అన్నమాట, మందు లేకుండా మాటలతో చేసే చికిత్సల్లో ఒకటి. పదేళ్ళ కిందట శ్రీకాకుళంలో ఆ మూడక్షరాలు నాకు ఎవరి నోటా వినబడలేదు, అప్పట్లో "మీరు పిచ్చి డాక్టరా?" అన్నదే ప్రశ్న. ఇప్పుడు రీల్స్ చూసి, హైదరాబాద్‌లో ఉన్న అక్కనో బావనో అడిగి, ఏ రకం థెరపీ కావాలో ముందే తేల్చుకుని వస్తున్నారు. అందులో తప్పేమీ లేదు, మోకాలికి వైద్యం చేయించుకునేవాడు ఏ ఆపరేషనో అడగడా మరి. చిక్కల్లా ఎక్కడంటే, అదే ఫోన్లో ఇంకో రీల్ దీనికి పూర్తిగా ఎదురుమాట చెబుతుంది. ఏ థెరపీ అయినా ఒకటేనట, థెరపిస్టుతో సంబంధం కుదిరితే చాలట, పరిశోధనల్లో తేలింది అదేనట.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. రెండూ సగం దారిలో ఆగిపోయాయి కూడా. సంబంధం గురించి ఇన్నేళ్ళుగా లెక్కలు తీసినవాళ్ళు అసలు దేన్ని కొలిచారు, ఎంత తేలింది, ఆ తేలినదానిలో గట్టిది ఏది, అనుమానించాల్సింది ఏది అన్నది ఒక్కసారి విప్పి చూస్తే ఈ గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

పొత్తు అంటే ఇష్టపడటం కాదు

ఇంగ్లీషులో దీన్ని థెరప్యూటిక్ అలయెన్స్ అంటారు. తెలుగులో కొందరు ‘చికిత్సా బంధం’ అని రాస్తున్నారు గానీ, బంధం అనగానే మనకి ఆప్యాయత, పేగు, కన్నీళ్ళు ఇవన్నీ గుర్తొస్తాయి. అలయెన్స్‌కి మన పేపర్లు రోజూ వాడే మాట ఒకటుంది కదా, పొత్తు. నాకదే సరిగ్గా అతుకుతుంది అనిపిస్తుంది. ఎందుకో చెబుతాను.

1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ అలయెన్స్‌ని మూడు ముక్కలుగా విడదీశాడు. మొదటిది గమ్యం, అంటే మనం ఇక్కడ కలుస్తున్నది దేనికోసం అన్నదాని మీద ఇద్దరికీ ఒకే మాట ఉండటం. రెండోది పని, ఆ గమ్యం చేరడానికి ఇక్కడ చేస్తున్నది సరైన పనే అని ఇద్దరూ ఒప్పుకోవడం. మూడోది నమ్మకం, ఈ మనిషి నన్ను చులకన చెయ్యదు, నా మంచి కోరుతుంది అన్న భరోసా. ఎన్నికల పొత్తులో కూడా ఇవే మూడూ ఉంటాయి. ఉమ్మడి కార్యక్రమం కుదరాలి, సీట్ల సర్దుబాటు జరగాలి, చివరికి ఒకరి ఓటు ఇంకొకరికి బదిలీ అయ్యేంత నమ్మకం కింది స్థాయిలో ఉండాలి. వేదిక మీద చేతులు కలిపి పైకెత్తినంత మాత్రాన పొత్తు అయిపోదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

జనం తరచూ మూడోదాన్నే మొత్తం అనుకుంటారు. "మేడమ్ చాలా బాగా మాట్లాడతారండీ" అన్నది నమ్మకానికి గుర్తు, అంతే. ఆ మనిషే ఇంట్లో చెయ్యమన్న పని మూడు వారాలుగా చెయ్యకపోతే పొత్తులో రెండో ముక్క లేదన్నమాట. బోర్డిన్ చెప్పినదాంట్లో ఇంకో తెలివైన సంగతి, ఈ మూడూ ఏ రకం థెరపీకైనా ఉండాల్సినవే, కానీ వాటి రూపం మాత్రం మారుతుంది. చిన్నప్పటి సంగతులు తవ్వే పద్ధతిలో ‘పని’ అంటే నోటికొచ్చింది దాచకుండా చెప్పడం. సీబీటీలో, అంటే ఆలోచనలకీ చేతలకీ మనసులోని బాధకీ మధ్య ముడి పట్టుకుని విప్పే పద్ధతిలో, ‘పని’ అంటే కాగితం మీద రాయడం, భయపడే చోటికి వెళ్ళి చూడటం. ఏ పద్ధతిలో అయినా ఆ పని అర్థమై, ఒప్పుకుని చేస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న. అందుకే దీన్ని అన్ని థెరపీలకీ ఉమ్మడి అంశం అంటారు.

ఆ 0.28 ఎక్కడిది, దాన్నెలా చదవాలి

2018లో క్రిస్టోఫ్ ఫ్లూకిగర్, బ్రూస్ వాంపోల్డ్, ఆడమ్ హోర్వాత్ తదితరులు అప్పటిదాకా వచ్చిన 295 అధ్యయనాలని ఒక్కచోట పోసి లెక్క కట్టారు. అందులో 30 వేలమందికి పైగా పేషెంట్లు ఉన్నారు. థెరపీ మధ్యలో కొలిచిన పొత్తుకీ, ఆఖరున కలిగిన మేలుకీ మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంతవరకు కలిసి నడిచాయో చెప్పే అంకె, దాదాపు 0.28 అని వచ్చింది. 1991లో హోర్వాత్ 24 అధ్యయనాలతో చేసిన పాత లెక్కలో అది 0.26. ముప్పై ఏళ్ళ దగ్గర దగ్గర, ఇన్ని దేశాలు, ఇన్ని పద్ధతులు, ఇన్ని జబ్బులు, అంకె మాత్రం పెద్దగా కదల్లేదు. ఈ రంగంలో ఇలా నిలబడిన అంకెలు చాలా తక్కువ.

0.28 అంటే ఎంత? సహసంబంధాన్ని దానితోనే హెచ్చవేస్తే 0.08 వస్తుంది, అంటే మనిషికీ మనిషికీ మధ్య ఫలితంలో కనిపించే తేడాలో దాదాపు 8 శాతం పొత్తుతో ముడిపడి ఉంది. ఎనిమిదేనా అనిపిస్తుంది కదా. దాన్నే ఇంకోలా చూద్దాం. రెండు వందలమంది కౌన్సెలింగ్‌కి వెళ్ళారనుకోండి, వాళ్ళలో సరిగ్గా వందమందికి తగ్గింది, వందమందికి తగ్గలేదు. పొత్తు బాగా కుదిరిన వందమందిని ఒక వైపు, అంతంతమాత్రంగా కుదిరిన వందమందిని ఇంకో వైపు నిలబెడితే, 0.28 సంబంధానికి లెక్క ఇలా వస్తుంది: మొదటి వైపు 64 మందికి తగ్గింది, రెండో వైపు 36 మందికి. ఇది చిన్న తేడా కాదు.

ఇప్పుడు టెక్నిక్ సంగతి. 1997లో వాంపోల్డ్ బృందం, నిజమైన శిక్షణతో, నిజంగా బాగుచెయ్యాలన్న ఉద్దేశంతో చేసిన థెరపీలని ఒకదానితో ఒకటి పోల్చిన అధ్యయనాలు తీసుకుంది. వాటి మధ్య తేడా మహా అయితే 0.2 ప్రామాణిక యూనిట్లు అని తేలింది. పైన చేసినట్టే రెండు వందలమంది లెక్కలోకి మారిస్తే, గెలిచిన థెరపీ వైపు 55 మంది, ఓడిన థెరపీ వైపు 45 మంది. పైన పొత్తుకి 8 శాతం వచ్చిన లెక్కలోనే చెప్పాలంటే ఇది ఒక్క శాతం. 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ ఇలా ఉంటుందని ఊహించి, పిల్లల కథలో పరుగుపందెం అయ్యాక "అందరూ గెలిచారు, అందరికీ బహుమతులు" అని ప్రకటించిన డోడో పక్షితో పోల్చాడు. తర్వాత్తర్వాత ఈ వాదనకి డోడో తీర్పు అనే పేరు నిలిచిపోయింది.

ఎనిమిది ఒకటికంటే పెద్దది కాబట్టి సంబంధమే గొప్ప, రీల్ చెప్పింది నిజమే అని ఇక్కడే లేచి వెళ్ళిపోతారు చాలామంది. కాస్త ఆగండి. ఈ రెండు అంకెలు ఒకే తూకంలో తూచినవి కావు. టెక్నిక్‌ని పోల్చేటప్పుడు చీటీ వేసినట్టు, ఎవరికి ఏ థెరపీ అన్నది యాదృచ్ఛికంగా పంచుతారు, కాబట్టి తేడా వస్తే అది థెరపీ వల్లనే అని ధైర్యంగా అనొచ్చు. పొత్తుని అలా పంచలేరు. "నువ్వు ఈయనతో కుదురు, నువ్వు కుదరకు" అని ఎవరూ చీటీ తియ్యలేరు కదా. కాబట్టి 8 శాతం అన్నది రెండూ కలిసి నడిచాయి అని మాత్రమే చెబుతుంది, ఏది దేన్ని నడిపిందో చెప్పదు. ఇంకోటి, ఆ ఒక్క శాతం థెరపీకీ థెరపీకీ మధ్య తేడా. థెరపీలో పని చెయ్యడానికీ చెయ్యకపోవడానికీ మధ్య తేడా అనుకోకూడదు. ఇడ్లీ తిన్నా ఉప్మా తిన్నా కడుపు ఒకేలా నిండిందంటే టిఫిన్ మానెయ్యొచ్చని కాదు.

ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన చోటా

ఈ విషయంలో నన్ను బాగా ఆలోచనలో పడేసిన అధ్యయనం ఒకటుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 1980లలో డిప్రెషన్ మీద పెద్ద ప్రయోగం చేయించింది. పేషెంట్లని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఒక గుంపుకి మనుషుల మధ్య సంబంధాల మీద పనిచేసే ఇంటర్‌పర్సనల్ థెరపీ, ఒక గుంపుకి ఇమిప్రమిన్ అనే మందు, ఒక గుంపుకి చూడటానికి మందులాగే ఉండే ఉత్తుత్తి మాత్ర. మందు, ఉత్తుత్తి మాత్ర గుంపులవాళ్ళు కూడా వారంవారం డాక్టర్ని కలిసేవాళ్ళు, డాక్టరు కాసేపు కూర్చోబెట్టి ఎలా ఉందో అడిగి, ధైర్యం చెప్పి పంపేవాడు.

ఆ సెషన్ల వీడియోలని జానిస్ క్రుప్నిక్ బృందం తర్వాత కూర్చుని చూసి, 225 మందికి పొత్తు మార్కులు వేసింది. 1996లో వచ్చిన ఆ ఫలితం ఏమిటంటే, రెండు థెరపీల్లోనే కాదు, మందు గుంపులోనూ, ఆఖరికి ఉత్తుత్తి మాత్ర గుంపులోనూ పొత్తు బాగున్నవాళ్ళకి ఎక్కువ మేలు జరిగింది. మందులో ఏమీ లేదు, టెక్నిక్ లేదు, అయినా డాక్టరుతో కుదిరిన పొత్తు ఫలితంతో ముడిపడే ఉంది. అదే ప్రయోగంలోని మందు, ఉత్తుత్తి మాత్ర గుంపులని చూసిన తొమ్మిదిమంది సైకియాట్రిస్టులని వేరుగా లెక్క కట్టి 2006లో ఇంకొకరు చూపించారు: బాగా ఫలితాలు తెచ్చే డాక్టర్లు ఉత్తుత్తి మాత్రతో తెచ్చిన మేలు, అంతగా తేలేని డాక్టర్లు అసలు మందుతో తెచ్చినదానికంటే ఎక్కువ ఉంది. తొమ్మిదిమంది అంటే మరీ తక్కువ, దాని మీద భవనాలు కట్టకూడదు. కానీ "ఫలానా డాక్టరుగారి చెయ్యి మంచిదండీ" అని మన ఊళ్ళలో అనే మాటని నేను ఆ తర్వాత అంత తేలిగ్గా కొట్టిపారెయ్యడం మానేశాను.

క్రుప్నిక్ లెక్కలో ఒక మెలిక కూడా ఉంది, దీన్ని ఎవరూ రీల్‌లో చెప్పరు. పొత్తులో పేషెంటు వైపు నుంచి వచ్చిన భాగమే ఫలితంతో ముడిపడింది. థెరపిస్టు వైపు భాగానికి ఫలితంతో గట్టి సంబంధం కనబడలేదు. అంటే తగ్గేవాళ్ళే బాగా కలిసిపోతున్నారేమో అన్న అనుమానానికి ఇక్కడే తలుపు తెరుచుకుంది.

తగ్గినందుకు కుదిరిందా, కుదిరినందుకు తగ్గిందా

ఈ అభ్యంతరం లేవనెత్తినవాళ్ళు చిన్నవాళ్ళు కారు. రాబర్ట్ డెరూబీస్ లాంటి కాగ్నిటివ్ థెరపీ పరిశోధకులు 1990 నుంచీ ఇదే అడుగుతున్నారు. మొదటి మూడు వారాల్లో నిద్ర పట్టి, అన్నం సయించి, మనసు తేలికపడితే ఎవరికైనా థెరపిస్టు మంచివాడిలాగే కనిపిస్తాడు. అప్పుడు పొత్తు కొలిస్తే మార్కులు ఎక్కువే వస్తాయి, ఆఖరున ఫలితమూ బాగుంటుంది. అసలు పని చేసింది టెక్నిక్, పేరు మాత్రం పొత్తుకి దక్కింది. నిజం చెప్పాలంటే ఇది చాలా న్యాయమైన ప్రశ్న, ఆఖరున ఒక్కసారి లెక్క తీసే అధ్యయనాలు దీనికి జవాబివ్వలేవు.

జవాబు కోసం ప్రతి సెషన్‌కీ కొలవాలి. 2013లో ఫ్రెడ్రిక్ ఫాల్కెన్‌స్ట్రోమ్ బృందం స్వీడన్‌లో 646 మందిని అలా సెషన్ సెషన్‌కీ కొలిచింది. ఈ వారం పొత్తు ఆ మనిషికి మామూలుగా ఉండేదానికంటే బాగుంటే, వచ్చే వారానికి బాధ తగ్గింది. బాధ తగ్గిన వారం తర్వాత పొత్తు కూడా పెరిగింది. రెండు వైపులా నడుస్తోందన్నమాట. కాబట్టి అభ్యంతరం పూర్తిగా వీగిపోలేదు, పూర్తిగా నిలవనూ లేదు.

ఇంకో దారి స్కాట్ బాల్డ్విన్ బృందం 2007లో పట్టుకుంది, ఇది అర్థం కావాలంటే ట్యూషన్ మాస్టార్లని తలుచుకోండి. ఒక వీధిలో పదిమంది మాస్టార్లు ఉన్నారు. ఒకే మాస్టారి దగ్గర కొందరు పిల్లలకి ఆయనంటే ప్రాణం, కొందరికి చిరాకు. అది పిల్లల తేడా. అలాగే కొందరు మాస్టార్ల దగ్గర మొత్తం మీద పిల్లలు బాగా కుదురుకుంటారు, కొందరి దగ్గర కుదురుకోరు. అది మాస్టార్ల తేడా. మార్కులు దేన్ని బట్టి వస్తున్నాయి? 80 మంది థెరపిస్టులు, 331 మంది క్లయింట్లతో బాల్డ్విన్ చేసిన లెక్కలో సమాధానం చాలా స్పష్టంగా వచ్చింది. మొత్తం మీద మంచి పొత్తు కుదుర్చుకోగలిగిన థెరపిస్టుల దగ్గర ఫలితాలు బాగున్నాయి. ఒకే థెరపిస్టు దగ్గర ఈ క్లయింటుకి బాగా కుదిరింది, ఆ క్లయింటుకి తక్కువ కుదిరింది అన్న తేడా ఫలితాన్ని చెప్పలేకపోయింది.

క్రుప్నిక్ ఒక వైపు, బాల్డ్విన్ ఇంకో వైపు లాగుతున్నట్టుంది కదా. లాగుతున్నాయి. క్రుప్నిక్ చూసిన థెరపిస్టులు ఏరి కోరి శిక్షణ ఇచ్చినవాళ్ళు, వాళ్ళలో వాళ్ళకి పెద్ద తేడా ఉండే అవకాశం తక్కువ, తేడా లేనిచోట లెక్కకి ఏదీ చిక్కదు అన్నది ఒక వివరణ. నాకది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది గానీ వాదన ముగిసిపోలేదు. నాకు మాత్రం బాల్డ్విన్ లెక్క ఒక రకంగా ఇబ్బంది పెట్టేది. ఫలానా కుర్రాడు నాతో కుదరలేదంటే తప్పు వాడిదేలే అనుకుని చెయ్యి దులుపుకునే వీలు అది ఇవ్వదు.

నరసన్నపేట నుంచి కాంప్లెక్స్ దాకా

అంకెలు పక్కన పెట్టి, ఇదంతా గదిలో ఎలా ఉంటుందో చూద్దాం. ఇక్కడ చెప్పే కుర్రాడు ఏ ఒక్కరూ కాదు, నేను చూసిన కొందరిని కలిపి అల్లిన మనిషి. పొరపాటు మాత్రం నాదే, అల్లింది కాదు.

ఇరవై నాలుగేళ్ళు, నరసన్నపేట దగ్గర పల్లె. కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్నాడు, రోజూ పొద్దున్నే పదహారు వందల మీటర్ల పరుగు. ఒకరోజు శ్రీకాకుళం కోచింగ్‌కి వస్తుంటే బస్సులో ఒక్కసారిగా గుండె దడ, చేతులు తిమ్మిర్లు, ఊపిరి అందకపోవడం, ఇక చచ్చిపోతున్నానన్న భయం. సింగుపురంలో దిగిపోయాడు. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ మామూలే. మళ్ళీ రెండుసార్లు వచ్చింది. బస్సు మానేశాడు, పరుగు మానేశాడు, నాన్నతో బైక్ మీద తప్ప ఊరు దాటడం లేదు. ఇది పానిక్ డిజార్డర్, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు.

దీనికి టెక్నిక్ కూడా స్పష్టంగానే ఉంది. గుండె దడని ప్రమాదంగా చదువుకోవడం వల్ల భయం, భయం వల్ల మరింత దడ, ఈ చక్రాన్ని తెంచాలి. దానికి ఆ దడనే కావాలని తెప్పించుకుని చూస్తారు, ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలడం, సన్న స్ట్రాతో ఊపిరి తీయడం, ఉన్నచోటే పరుగు తీయడం. దడ వస్తుంది, ఏమీ కాదు, దానంతట అదే తగ్గుతుంది. పదే పదే చేస్తే ఒంటికి అర్థమవుతుంది. ఆ తర్వాత బస్సు, ముందు మడపాం దాకా, తర్వాత సింగుపురం దాకా, ఆపైన శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్ దాకా.

మొదటి సెషన్‌కి నాన్న కూడా వచ్చాడు. నోటిఫికేషన్ పడేలోగా కుర్రాడు పరుగుకి సిద్ధమవ్వాలి అన్నాడు. నేను గమ్యం దగ్గర అదే రాసుకున్నాను. కుర్రాడిని అడిగాను, "సరేనండి" అన్నాడు. రెండో సెషన్లో చక్రం బొమ్మ గీసి చెప్పాను, "సరేనండి". మూడో సెషన్లో ఊపిరి పని ఎలా చెయ్యాలో చెప్పి, ఇంట్లో రోజుకి మూడుసార్లు చెయ్యమన్నాను. "సరేనండి." పొత్తు కొలవడానికి పన్నెండు ప్రశ్నల కాగితం ఒకటుంటుంది, గమ్యానికి నాలుగు, పనికి నాలుగు, నమ్మకానికి నాలుగు, అది కూడా అప్పుడే ఇచ్చాను. నా ఎదురుగా కూర్చుని అన్నిటికీ ఫుల్ మార్కులు వేసి ఇచ్చాడు.

నాలుగో వారం పని చెయ్యలేదు, ఇంట్లో చుట్టాలొచ్చారట. అయిదో వారం అరగంట ఆలస్యంగా వచ్చాడు, మళ్ళీ చెయ్యలేదు. నేనేం చేశానంటే, చక్రం బొమ్మ మళ్ళీ గీశాను. ఈసారి ఇంకా వివరంగా. అతను తల ఊపుతూనే ఉన్నాడు.

పొత్తులో పడే ఇలాంటి బీటల గురించి జెరెమీ సాఫ్రన్, క్రిస్టఫర్ మురాన్ చాలా ఏళ్ళు పనిచేశారు. బీటలు రెండు రకాలు అన్నారు వాళ్ళు. ఒకటి ఎదురు తిరగడం, "మీ వల్ల ఏం లాభం లేదండీ" అని మొహం మీద అనడం. రెండోది వెనక్కి తగ్గిపోవడం, అంటే ఒప్పుకున్నట్టే ఉంటూ లోపల్లోపల దూరం జరగడం. మన దగ్గర ఎక్కువగా కనిపించేది రెండోదే అని నా అనుభవం. డాక్టరుకీ మాస్టారుకీ ఎదురు చెప్పకూడదని పెరిగిన మనుషులం, కాదు అనాలన్నా అవుననే అంటాం. "సరేనండి" అన్న మాటని ఒప్పుకోలు అనుకున్నానంటే నేను ఈ జిల్లాలో పుట్టి పెరిగి ఏం లాభం?

నేను బొమ్మ మళ్ళీ గీయడం కూడా కొత్త పొరపాటేం కాదు. 1996లో లూయిస్ కాస్టాంగ్వే బృందం డిప్రెషన్‌కి కాగ్నిటివ్ థెరపీ ఇచ్చిన సెషన్లు చూసి ఇదే పట్టుకుంది. పొత్తు బీటలిస్తున్నప్పుడు కొందరు థెరపిస్టులు ఆ బీట సంగతి మాట్లాడకుండా తమ పద్ధతినే ఇంకా గట్టిగా బోధించారు, పేషెంటు అభ్యంతరాన్ని కూడా ‘తప్పు ఆలోచన’ కింద జమకట్టారు. అక్కడ ఫలితాలు దెబ్బతిన్నాయి. టెక్నిక్ మంచిదే, దాన్ని వేసిన సమయమే తప్పు.

ఆరో సెషన్లో బొమ్మ పక్కన పెట్టి నేనే మొదలుపెట్టాను. "బాబూ, నేను చెప్పిన పని నీకు నచ్చలేదనిపిస్తోంది. నచ్చకపోతే అది నీ తప్పు కాదు, నేను సరిగ్గా అడగలేదు. ఆ పని గురించి వింటుంటే నీ లోపల ఏమనిపించింది?"

చాలాసేపు నేల చూశాడు. తర్వాత, "ఏటండీ మేడమ్, గాభరా తగ్గించమని వస్తే మీరే గాభరా తెచ్చుకోమంటన్నారు" అన్నాడు. అని ఇంకొంచెం ఆగి, వాళ్ళ చిన్నాన్న సంగతి చెప్పాడు. నలభై ఏళ్ళకే జీడితోటలో పని చేస్తూ గుండె పట్టుకుని కూలిపోయాడు, పక్కన ఉన్నది వీడొక్కడే. ఆయన ఆఖరున ఊపిరి గబగబా తీశాడు. నేను ఇంట్లో ఒంటరిగా రోజుకి మూడుసార్లు చెయ్యమన్నది సరిగ్గా అదే.

నా దగ్గర ఈ కబురు లేదు. మొదటి సెషన్లో ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగాను, నాన్న పక్కనుండగా "లేదండి" అన్నాడు. తమ్ముడి పేరెత్తితే నాన్న ఏడుస్తాడని వాడి భయం.

అక్కడినుంచి మూడు ముక్కలూ ఒక్కొక్కటిగా మళ్ళీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. చిన్నాన్న సంగతి తెలిశాక ముందు గుండె డాక్టరు దగ్గరికి ఇంకోసారి పంపించాను, ఇది నమ్మకం కోసం మాత్రమే కాదు, వైద్యపరంగా కూడా చెయ్యాల్సిందే. గుండె బాగుందని కాగితం వచ్చింది. తర్వాత గమ్యం. నాన్న బయట కూర్చున్నప్పుడు అడిగితే, పోలీసు సెలక్షన్ సంగతి తర్వాత, ముందు బస్సులో ఒక్కడినే శ్రీకాకుళం వచ్చి టీ తాగి వెళ్ళగలిగితే చాలన్నాడు. నాన్న గమ్యం, కొడుకు గమ్యం, నేను రాసుకున్న గమ్యం, ఇన్నాళ్ళూ మూడు పార్టీలు మూడు మేనిఫెస్టోలతో తిరుగుతున్నామన్నమాట. బోర్డిన్ రాసింది ఇద్దరి పొత్తు గురించి. మన దగ్గర కుర్చీలో కనబడని మూడో భాగస్వామి దాదాపు ప్రతిసారీ ఉంటారు, ఫీజు ఇచ్చేదీ తీసుకొచ్చేదీ వాళ్ళే. కుర్రాడు ఒప్పుకున్నాక నాన్నని లోపలికి పిలిచి, పరుగు మాట మూడు నెలలు ఎత్తనని ఆయన చేత అనిపించాం.

ఇక పని. ఊపిరి పని ఇంట్లో కాకుండా గదిలోనే, ముందు నేను చేసి చూపించాను, నిమిషం పాటు. నాకు కళ్ళు తిరిగి, వేళ్ళు తిమ్మిరెక్కి, మొహం ఎర్రబడింది. వాడు కంగారుగా చూస్తూ గడియారం పట్టుకున్నాడు, రెండు నిమిషాల్లో నేను మామూలయ్యాను. తర్వాత వాడు ఇరవై సెకన్లు చేశాడు. ఆ వారం అంతే. తర్వాతి వారం నలభై, ఆపైన నిమిషం. పదో సెషన్ నాటికి కాంప్లెక్స్ దాకా ఒక్కడే వచ్చాడు, తలుపు దగ్గర నిలబడే వచ్చాడు అనుకోండి, కూర్చోలేదు.

ఇందులో తగ్గించింది ఏది? ఊపిరి పనీ బస్సూ అని టెక్నిక్ పక్షంవాళ్ళు అంటారు, నిజమే. ఆరో సెషన్ మాటలు లేకపోతే ఆ పని జరిగేదే కాదని పొత్తు పక్షంవాళ్ళు అంటారు, అదీ నిజమే. నా మటుకు నాకు ఈ రెంటినీ విడదీసి శాతాలు పంచడం, కూరలో ఉప్పు వల్ల ఎంత రుచి, పొయ్యి వల్ల ఎంత రుచి అని అడిగినట్టే ఉంటుంది. నలభై శాతం ఇది, ముప్పై శాతం అది అంటూ గుండ్రటి బొమ్మ ఒకటి తిరుగుతూ ఉంటుంది, చూసే ఉంటారు. అది 1992లో మైకేల్ లాంబర్ట్ అప్పటి పరిశోధనలన్నీ చదివి వేసిన అంచనా, ఏ ఒక్క లెక్కలోంచీ తేలినది కాదు.

వట్టి పొత్తు ఎక్కడ ఆగిపోతుంది

నమ్మకం ఒక్కటే ఉండి పని లేకపోతే ఏమవుతుందో చూడటానికి మన ఇళ్ళే చాలు. పదే పదే చేతులు కడిగే ఓసీడీ ఉన్న అమ్మాయికి ఇంట్లో అందరూ ప్రేమగా సాయం చేస్తారు, తలుపు గడియ తాము తీస్తారు, "శుభ్రంగానే ఉన్నాయమ్మా చేతులు" అని రోజుకి ముప్పైసార్లు భరోసా ఇస్తారు. ప్రేమకి లోటు లేదు, జబ్బు మాత్రం పెరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ భరోసాయే దానికి మేత. కౌన్సెలరు కూడా ఇదే చెయ్యొచ్చు, వారంవారం ఓపిగ్గా విని, ధైర్యం చెప్పి పంపుతూ. క్లయింటుకి ఆమె అంటే ఎంతో ఇష్టం, ఏడాది గడిచినా గడియ మాత్రం ముట్టుకోలేదు. ఓసీడీలో, ఫోబియాల్లో, పానిక్‌లో భయపడేదాన్ని ఎదుర్కొనే పని లేకుండా జరగదని చెప్పే పరిశోధకులు డోడో తీర్పుని ఇక్కడే తప్పుపడతారు. అన్ని జబ్బులనీ ఒకే కుప్పలో పోసి సగటు తీస్తే ఇలాంటి చోట్ల ఉన్న తేడాలు సగటులో మునిగిపోతాయన్నది వాళ్ళ మాట. అందులో బలముంది. డిప్రెషన్‌లో థెరపీల మధ్య తేడా చిన్నదని చూపించినంత ధైర్యంగా ఓసీడీలో చూపించలేరు.

ఇక పొత్తుని కొలిచే కాగితం గురించి ఒక మాట. థెరపిస్టు వేసుకునే మార్కులకీ క్లయింటు వేసే మార్కులకీ పొంతన ఓ మాదిరిగానే ఉంటుంది. 53 అధ్యయనాలు కలిపిన ఒక లెక్కలో ఆ సంబంధం 0.36 దగ్గర తేలింది. అంటే "మా ఇద్దరికీ బాగా కుదిరింది" అని నాకు గట్టిగా అనిపించినా ఎదుటి కుర్చీలో అలా లేకపోవచ్చు. మార్కుల్లో కూడా చూడాల్సింది మొత్తం కాదు, ఏ ప్రశ్నకి తగ్గింది, ఏ వారం తగ్గింది అన్నది. మూడో సెషన్లో ఫుల్ మార్కులు వేసిన మా నరసన్నపేట కుర్రాడికి పదకొండో సెషన్లో అదే కాగితం మళ్ళీ ఇచ్చాను, ఈసారి నేను గదిలో లేకుండా. ‘ఇక్కడ చేస్తున్న పని నా సమస్యకి సరైనదే’ అన్నదానికి అయిదులో మూడు వేశాడు. ఏమిటని అడిగితే తడుముకోకుండా, "బస్సు పర్లేదు మేడమ్. రాత్రి పడుకున్నాక నిద్దట్లో దడొచ్చి లేచిపోతన్నాను, దానికి మనం ఇంకా ఏటీ చెయ్యలేదు కదా" అన్నాడు.

ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు. ఆ రోజు సెషన్ దానితోనే మొదలుపెట్టాం.